జిట్టకోడి ఎక్కడ ఉండగలదు: కనిపించిన రికార్డులతోనే మ్యాప్ కట్టి, అది రోడ్ల మ్యాప్ అయిందో లేదో పరీక్షించే పద్ధతి

జిట్టకోడి రాళ్ల గుట్టల పక్షి. ఇంగ్లీషు పుస్తకాల్లో పెయింటెడ్ స్పర్‌ఫౌల్ అనీ, శాస్త్రీయంగా గాలోపెర్డిక్స్ లూనులాటా అనీ కనిపిస్తుంది. పొదలూ బండలూ కలిసిన వాలుల్లో జంటగానో చిన్న గుంపుగానో తిరుగుతుంది. అలికిడైతే ఎగరడం కన్నా పరుగెత్తి పొదల్లో దూరిపోవడమే ఎక్కువ. అందుకే దాని రికార్డులు తక్కువ, ఉన్నవి కూడా మనుషులు తరచూ వెళ్లే చోట్లవే. పాకాల, లక్నవరం, తాడ్వాయి, హనుమకొండ నుంచి ములుగు మీదుగా ఏటూరునాగారం పోయే 163వ జాతీయ రహదారి, ఈ దారుల పక్కన చుక్కలు గుమిగూడతాయి. రోడ్డుకు పది కిలోమీటర్ల లోపలి గుట్ట మీద చుక్క లేదంటే అక్కడ పక్షి లేదనా, మనిషి పోలేదనా? రికార్డు ఒక్కటే చూస్తే చెప్పలేం. ఈ మార్గదర్శి అంతా ఆ రెండింటినీ వీలైనంత విడదీయడం గురించే.

ప్రశ్న, ప్రాంతం

ప్రశ్నను ముందే ఒక వాక్యంలో రాసుకోండి: వరంగల్, హనుమకొండ, ములుగు, భూపాలపల్లి, మహబూబాబాద్, పెద్దపల్లి జిల్లాల్లో ఏ గుట్టలు జిట్టకోడికి మిగతావాటికన్నా అనువుగా ఉన్నాయి? ఇందులో ‘మిగతావాటికన్నా’ అన్న మాట తీసేయకూడదు. కనిపించిన రికార్డులు మాత్రమే చేతిలో ఉన్నప్పుడు ఏ మోడలైనా చోట్లను ఎక్కువ తక్కువల వరుసలో పెట్టగలదు. ఈ గుట్ట మీద పక్షి ఉండే సంభావ్యత 70 శాతం అని మాత్రం చెప్పలేదు. పక్షి విరివిగా ఉండి మనం తక్కువ వెతికినా, పక్షి అరుదై మనం ఎక్కువ వెతికినా మ్యాప్ మీద చుక్కలు ఒకేలా పడొచ్చు. కనిపించిన రికార్డులతోనే మోడల్ కట్టే ప్రోగ్రాం మాక్సెంట్. అది ఇచ్చే సున్నా నుంచి ఒకటి దాకా ఉండే క్లాగ్‌లాగ్ విలువను శాతంగా చదవడం తరచూ జరిగే పొరపాటు.

ప్రాంతం ఎంత పెద్దది తీసుకోవాలన్నది కూడా ఇప్పుడే తేల్చుకోండి. చదునైన పత్తి చేలు, వరి మళ్లు ఎన్ని కలిపితే అన్ని మార్కులు మోడల్‌కు ఊరికే వస్తాయి, ఎందుకంటే గుట్టకూ పొలానికీ తేడా పట్టడానికి మోడలే అక్కర్లేదు. గుట్టలూ వాటి చుట్టూ పదిహేను, ఇరవై కిలోమీటర్ల మేర నేలా చాలు.

రికార్డులు: ముందు చుక్క ఎంత నమ్మదగిందో చూడాలి

జీవుల రికార్డులను పోగుచేసే అంతర్జాతీయ వేదిక జీబిఫ్‌లో, పక్షులు చూసేవాళ్లు తమ జాబితాలు పెట్టే ఈబర్డ్ రికార్డులు, ఫొటోలు పెట్టే ఐనాచురలిస్ట్ రికార్డులు, మ్యూజియం రికార్డులు ఒకేచోట దొరుకుతాయి. అయితే జీబిఫ్‌కు వచ్చే ఈబర్డ్ రికార్డుల్లో ఎంతసేపు తిరిగారు, ఎంత దూరం నడిచారు అన్న వివరం ఉండదు. అందుకని ఈబర్డ్ భాగాన్ని నేరుగా ఈబర్డ్ దగ్గరే అడిగి తెచ్చుకోండి. దరఖాస్తు పెడితే ఉచితంగా ఇస్తారు. తర్వాత జీబిఫ్ నుంచి వచ్చినదాంట్లో ఈబర్డ్ రికార్డులు తీసేయండి, లేకపోతే ఒకే చూపు రెండుసార్లు లెక్కకొస్తుంది.

వడపోతలో ముఖ్యమైనవి మూడు. మొదటిది, అక్షాంశ రేఖాంశాల దశాంశ స్థానాలు. 0.01 డిగ్రీ అంటే దాదాపు 1.1 కిలోమీటరు, 0.1 డిగ్రీ అంటే 11 కిలోమీటర్లు. ఒక్క దశాంశ స్థానమే ఉన్న పాత రికార్డుకు మన గుట్టల లెక్కలో విలువ లేదు, తీసేయండి. రెండోది, నడిచిన దూరం. ఎనిమిది కిలోమీటర్లు తిరిగిన జాబితాకు చుక్క ఒక్కటే ఉంటుంది, పక్షి ఆ దారిలో ఎక్కడ కనిపించిందో తెలియదు. రెండు కిలోమీటర్లు దాటిన జాబితాలను పక్కన పెట్టండి.

మూడోది మన ప్రాంతంలో బాగా దెబ్బతీస్తుంది: హాట్‌స్పాట్ పిన్. ఈబర్డ్‌లో అందరూ తమ జాబితాలకు వాడుకునే ఉమ్మడి చోటే హాట్‌స్పాట్. చెరువు పేరుతో ఉన్న హాట్‌స్పాట్‌కు పిన్ చాలాసార్లు నీళ్ల మధ్యలోనో కట్ట మీదో ఉంటుంది. పక్షిని చూసింది అవతలి గుట్ట వాలులో అయినా చుక్క మాత్రం చెరువులో పడుతుంది. జిట్టకోడికి నీళ్లంటే ఇష్టమని మోడల్ నేర్చుకునేది ఇక్కడే. కాబట్టి పక్షి కనిపించిన చోటును చూపే ప్రతి ప్రెజెన్స్ చుక్కనూ శాటిలైట్ చిత్రం మీద పెట్టి కంటితో చూడండి. రికార్డులు వందలోపే ఉంటాయి, ఒక పూట పని. నీళ్లలోనో వరి మడిలోనో పడినవాటికి వ్యాఖ్యలో సరైన చోటు రాసి ఉంటే జరపండి, లేకపోతే వదిలేయండి.

లెక్క అర్థమవడానికి కొన్ని అంకెలు ఊహించుకుందాం. ఇవి కొలిచినవి కావు, ఇకపై మోడల్ ఖచ్చితత్వానికి కొలతగా వచ్చే ఏయూసీ అంకెలు కూడా ఊహించినవే. మొదట 64 రికార్డులు, వడపోత తర్వాత 41. ప్రాంతాన్ని కిలోమీటరు గడులుగా విడదీసి గడికి ఒక్కటే ఉంచితే 27. ఈ 27 గడులే మన అసలు సరుకు.

వేరియబుల్స్: నాలుగు చాలు

27 చుక్కలకు పంతొమ్మిది వాతావరణ పొరలు పెట్టడం అలవాటుగా సాగుతోంది గానీ ఇక్కడ అది తప్పు. ఆ వరల్డ్‌క్లిమ్ పొరలు వాతావరణ కేంద్రాల కొలతల మధ్య ఖాళీలను లెక్కగట్టి నింపినవి. రెండు మూడు జిల్లాల వెడల్పులో ఉష్ణోగ్రత మారేది కొద్దిగానే, ఆ కొద్దీ నెమ్మదిగా ఒకవైపు నుంచి మరోవైపుకు మారుతుంది. మోడల్ చేతిలో అది వాతావరణంగా కాక ‘తూర్పు–పడమర’ సూచికగా పనిచేస్తుంది. చుక్కలు ములుగు వైపు ఎక్కువుంటే ములుగు ఉష్ణోగ్రతే పక్షికి ఇష్టమని తేల్చేస్తుంది.

పక్షి బతుకుకు నేరుగా సంబంధించినవి తీసుకుందాం: వాలు, చెట్ల వాటా, పొదల వాటా, మే నెల పచ్చదనం. వాలును ఎస్‌ఆర్‌టీఎం 30 మీటర్ల ఎత్తుల పొర నుంచి ముందు 30 మీటర్ల దగ్గరే లెక్కగట్టి, ఆ తర్వాతే కిలోమీటరు గడికి కుదించండి. వరుస తిరగబడితే, అంటే ముందు ఎత్తును కిలోమీటరుకు సగటు చేసి తర్వాత వాలు తీస్తే, మూడు వందల మీటర్ల వెడల్పున్న గుట్ట మొత్తం మాయమై గడి చదునుగా కనిపిస్తుంది. కుదించేటప్పుడు కూడా సగటు వద్దు, 90వ పర్సెంటైల్ తీసుకోండి. చుట్టూ పొలమున్నా మధ్యలో ఒక్క రాతి వాలుంటే పక్షికి సరిపోవచ్చు, ఆ సంగతి సగటులో కలిసిపోతుంది.

చెట్లు, పొదల వాటాకు ఈఎస్‌ఏ వరల్డ్‌కవర్ 2021 పొర 10 మీటర్ల వివరంతో దొరుకుతుంది. దాని చెట్ల వర్గంలో అడవితో పాటు మామిడి తోట, జామాయిల్ తోట కూడా ఉంటాయని గుర్తుంచుకోండి. మే నెల పచ్చదనం పెట్టేది అందుకే: ఆకురాల్చే అడవి మే నాటికి ఎండి ఉంటుంది, నీళ్లు పెట్టే తోట పచ్చగా ఉంటుంది. నాలుగింటిలో ఏ రెండింటి మధ్యనైనా సహసంబంధం 0.7 దాటితే ఒకటి తీసేయండి. అన్నిటినీ EPSG:32644 ప్రొజెక్షన్‌లోకి మార్చి ఒకే గడికి సరిపెట్టండి.

రోడ్డు దూరం, ఊరి దూరం పొరలు కూడా తయారు చేసుకోండి, మోడల్‌లో మాత్రం పెట్టకండి. వాటి పని తర్వాత ఉంది.

పక్షపాతం: అసలు పని ఇక్కడ

మాక్సెంట్ ప్రెజెన్స్ చుక్కలను, ప్రాంతంలో ఎలాంటి నేల ఉందో చూపే బ్యాక్‌గ్రౌండ్ చుక్కలతో పోల్చి చూస్తుంది. మామూలుగా ఆ బ్యాక్‌గ్రౌండ్‌ను ప్రాంతమంతా యాదృచ్ఛికంగా చల్లుతారు, మాక్సెంట్ ప్రోగ్రాంలో డిఫాల్ట్ సంఖ్య 10,000. అలా చల్లడంలోనే ఒక ఊహ దాగి ఉంది: ప్రతి గడినీ మనుషులు సమానంగా వెతికారని. అది నిజం కాదు. రోడ్డు పక్క చుక్కలను ప్రాంతమంతటితో పోల్చినప్పుడు తేలే తేడాలో కొంత పక్షిది, కొంత మనిషిది.

దీనికి 2009లో ఫిలిప్స్ బృందం చెప్పిన మందు టార్గెట్ గ్రూప్ బ్యాక్‌గ్రౌండ్. జిట్టకోడి రికార్డులను ఏ మనుషులు, ఏ తీరులో తెచ్చారో, అదే మనుషులు అదే తీరులో తెచ్చిన ఇతర పక్షుల చోట్లనే బ్యాక్‌గ్రౌండ్‌గా పెట్టాలి. అప్పుడు రెండువైపులా ఒకే పక్షపాతం ఉంటుంది కాబట్టి పోలికలో అది చాలావరకు కొట్టుకుపోతుంది. ‘మనుషులు వెళ్లిన చోట్లలో, జిట్టకోడి ఏ రకం చోట్ల కనిపించింది’ అన్న ప్రశ్న మిగులుతుంది.

గుంపు ఎంపికలో చెరువులు మళ్లీ అడ్డొస్తాయి. కాకతీయుల కాలం నుంచి మన నేల చెరువుల నేల, పక్షులు చూసేవాళ్లు శీతాకాలంలో చెరువు కట్టల మీదకే ఎక్కువ పోతారు. పక్షులన్నిటినీ గుంపుగా తీసుకుంటే బ్యాక్‌గ్రౌండ్ నిండా బాతులూ కొంగలూ ఉన్న కట్టలే ఉంటాయి. కట్ట మీద నిలబడి బాతులు లెక్కపెట్టే మనిషికి జిట్టకోడి కనిపించే అవకాశం లేనప్పుడు ఆ జాబితా దాన్ని వెతికినట్టు కాదు. కాబట్టి నేల మీదా పొదల్లోనూ తిరిగే పక్షులు, అంటే నెమలి, కౌజులు, గువ్వలు, పికిలి పిట్టలు ఉన్న జాబితాలనే తీసుకోండి. ఒకేచోట నిలబడి నీటిపక్షులనే రాసినవాటిని వదిలేయండి. ఇలా చేశాక నాలుగైదు వందల గడులు మిగిలినా చాలు, 10,000 కోసం పాకులాడనక్కర్లేదు.

తర్వాతి మెలిక లెక్కది. ప్రెజెన్స్‌ను గడికి ఒకటిగా పలుచన చేశాం కదా. బ్యాక్‌గ్రౌండ్‌ను మాత్రం ప్రతి జాబితాకూ ఒక చుక్కగా ఉంచితే సవరణ రెండుసార్లు జరుగుతుంది: నూరుసార్లు చూసిన పాకాల గడి ప్రెజెన్స్ వైపు ఒకటి, బ్యాక్‌గ్రౌండ్ వైపు నూరు. మోడల్‌కు పాకాల అంటే పక్షికి పడని చోటుగా కనిపిస్తుంది. రెండువైపులా ఒకే నియమం ఉండాలి. ఇక్కడ మనం రెండువైపులా గడికి ఒకటే ఉంచుదాం, ప్రెజెన్స్ ఉన్న గడులు కూడా బ్యాక్‌గ్రౌండ్‌లో ఉండాలి. దీనిలోనూ ఒక లోటుంది. ఒక్కసారి చూసిన గడి, నూరుసార్లు చూసిన గడి సమానమవుతాయి. అందుకని కనీసం మూడు జాబితాలున్న గడులతోనే మళ్లీ ఒకసారి నడిపి, రెండు మ్యాపులూ దగ్గరగా ఉన్నాయో లేదో చూడండి. బాగా తేడా ఉంటే వెతుకులాట తీవ్రత ఇంకా మోడల్‌లోకి కారుతోందని అర్థం.

గడికొకటిగా పలుచన చేయడమే పక్షపాతానికి సరిపడా మందు అనుకునేవాళ్లు చాలామంది. అది గుంపును పలుచన చేస్తుంది గానీ, ఎవరూ పోని గుట్టల గురించి ఏమీ చేయలేదు.

మోడల్ నడపడం

ఆర్‌లో maxnet ప్యాకేజీతో ఇంతే. env నాలుగు పొరల రాస్టర్, pres, bg చుక్కలు.

```r
library(terra); library(maxnet)
x  <- rbind(extract(env, pres, ID = FALSE),
            extract(env, bg,   ID = FALSE))
y  <- c(rep(1, nrow(pres)), rep(0, nrow(bg)))
ok <- complete.cases(x)
x  <- x[ok, ]; y <- y[ok]
f  <- maxnet.formula(y, x, classes = "lq")
m  <- maxnet(y, x, f, regmult = 2)
plot(m, type = "cloglog")
```

`"lq"` అంటే సరళ రేఖ, వక్రరేఖ రెండే. 27 చుక్కలకు హింజ్ ఫీచర్లు పెడితే గీత ముక్కముక్కకూ వంగి వంకరలు పోయి ఒక్కొక్క చుక్కనూ వెంబడిస్తుంది. మోడల్‌ను ఎంత సరళంగా ఉంచాలో చెప్పే `regmult`ను 1, 2, 4 పెట్టి చూడండి. చివరి లైను గీసే రెస్పాన్స్ గీతలను తప్పక చూడాలి. వాలు పెరిగే కొద్దీ అనుకూలత పెరిగి, ఎక్కడో ఆగడం అర్థవంతం. వాలు పెరిగితే అనుకూలత పడిపోతోందంటే ముందు హాట్‌స్పాట్ పిన్‌లను మళ్లీ తనిఖీ చేయండి.

ఖచ్చితత్వం కొలవడం

ఏయూసీ అంటే ఇక్కడ ఒక్కటే అర్థం: ఒక ప్రెజెన్స్ చుక్కనూ ఒక బ్యాక్‌గ్రౌండ్ చుక్కనూ యాదృచ్ఛికంగా తీస్తే ప్రెజెన్స్‌కు ఎక్కువ మార్కు వచ్చే అవకాశం. బ్యాక్‌గ్రౌండ్ అంటే పక్షి లేని చోటు కాదు గనుక దీని గరిష్ఠం 1 కూడా కాదు. పక్షి ప్రాంతంలో *a* వంతు నేల మీద ఉంటే గరిష్ఠం 1 − *a*/2. విరివిగా ఉండే పక్షికి గొప్ప మోడలైనా తక్కువ ఏయూసీ వస్తుంది. అందుకే ఒక పక్షి ఏయూసీని మరో పక్షితో పోల్చకూడదు, బ్యాక్‌గ్రౌండ్ మార్చాక పాతదానితోనూ పోల్చకూడదు. యాదృచ్ఛిక బ్యాక్‌గ్రౌండ్‌తో 0.91 వచ్చింది, టార్గెట్ గ్రూప్‌తో 0.74కు పడింది అనుకోండి. మోడల్ చెడిపోయిందని పాతదానికి తిరిగి పోవద్దు. పరీక్ష కఠినమైంది, అంతే. రెంటినీ నిజంగా పోల్చాలంటే రెండు మోడళ్లకూ ఒకే పరీక్ష చుక్కలు పెట్టాలి.

చుక్కల్ని యాదృచ్ఛికంగా 80–20గా విడదీసి పరీక్షించడం కూడా మోసమే. పరీక్ష చుక్క పక్కగడిలోనే శిక్షణ చుక్క ఉంటుంది. పరీక్షలో అడగబోయే ప్రశ్నలు ముందురోజే పిల్లవాడికి చెప్పినట్టు అవుతుంది. దీనికి బదులు ప్రాంతాన్ని గుట్టల వరుసలను బట్టి ఐదు ముక్కలు చేయండి: పాకాల అడవి ఒకటి, తాడ్వాయి–ఏటూరునాగారం ఒకటి, రేగొండ దగ్గరి పాండవుల గుట్టలవైపు ఒకటి, ఇలా. ముక్కల సరిహద్దు గుట్ట మధ్యలోంచి కాక పొలాల్లోంచి పోవాలి. ప్రతిసారీ ఒక ముక్కను, దాని బ్యాక్‌గ్రౌండ్‌తో సహా, పూర్తిగా దాచి మిగతా నాలుగింటితో మోడల్ నేర్పాలి. కింద fold అంటే ok వడపోత తర్వాత మిగిలిన ప్రతి చుక్క ఏ ముక్కలో ఉందో చెప్పే సంఖ్య.

```r
auc <- function(p, b) {
  r <- rank(c(p, b)); n <- length(p)
  (sum(r[1:n]) - n*(n+1)/2) / (n*length(b))
}
sapply(1:5, function(k) {
  tr <- fold != k
  f  <- maxnet.formula(y[tr], x[tr, ], classes = "lq")
  m  <- maxnet(y[tr], x[tr, ], f, regmult = 2)
  s  <- predict(m, x[!tr, ], type = "cloglog")[, 1]
  auc(s[y[!tr] == 1], s[y[!tr] == 0])
})
```

ముక్కకు ఐదారు ప్రెజెన్స్‌లే ఉంటాయి కాబట్టి ఒక్కొక్క అంకె ఊగిసలాడుతుంది. సగటు ఒక్కటే రాయకుండా ఐదూ రాయండి. 0.81, 0.77, 0.74, 0.70, 0.45 వచ్చాయంటే సగటు 0.69 దగ్గర వస్తుంది గానీ, చెప్పాల్సిన విషయం ఆ 0.45. ఆ ముక్కలో పక్షి వేరే రకం నేలలో ఉందా, లేక అక్కడి చుక్కలు తప్పు చోట ఉన్నాయా అన్నది వెంటనే చూడాలి.

ఏయూసీతో పాటు వదిలేసిన చుక్కల వాటా కూడా కొలవండి. శిక్షణ చుక్కల్లో అతి తక్కువ మార్కున్న 10 శాతం బయట పడేలా ఒక గీత గీసి, దాచిన చుక్కల్లో ఎన్ని ఆ గీత కింద పడ్డాయో చూడాలి. పదో వంతుకు దగ్గరగా ఉంటే మంచిది. మూడో వంతు పడితే మోడల్ శిక్షణ చుక్కలను బట్టీ పట్టిందని అర్థం, `regmult` పెంచండి లేదా ఒక వేరియబుల్ తగ్గించండి.

ఇప్పుడు పక్కన పెట్టిన రోడ్డు, ఊరి దూరాలు బయటకు తీయండి. అవి రెండే వేరియబుల్స్‌గా, వాలూ పొదలూ ఏమీ లేకుండా, ఇంకో మోడల్ నడపండి. యాదృచ్ఛిక బ్యాక్‌గ్రౌండ్ మీద ఈ రోడ్డు మోడల్‌కు 0.86 వచ్చిందనుకోండి. అంటే మీ 0.91లో గుట్టల గురించి నేర్చుకున్నది ఎంత కొంచెమో కనిపిస్తుంది. తర్వాత అదే రోడ్డు మోడల్‌ను టార్గెట్ గ్రూప్ బ్యాక్‌గ్రౌండ్ మీద, ఐదు ముక్కల పద్ధతిలో నడపండి. సవరణ పనిచేసి ఉంటే అది 0.5 చుట్టుపక్కలకు పడాలి. ఇంకా 0.7 దగ్గరే నిలిస్తే గుంపు సరిగా కుదరలేదు. చాలాసార్లు కారణం, జిట్టకోడి రికార్డులు ఫొటోలు తీసేవాళ్ల నుంచి, బ్యాక్‌గ్రౌండ్ మాత్రం ఉదయం నడకలో జాబితాలు రాసేవాళ్ల నుంచి రావడం. అప్పుడు గుంపును మళ్లీ ఎంచుకోవాలి. రోడ్లు గుట్టల అంచు వెంటే పోయే చోట మాత్రం రెంటినీ పూర్తిగా విడదీయడం ఏ పద్ధతికీ సాధ్యం కాదు, ఆ మాట మ్యాప్ కింద రాయండి.

మ్యాప్ మీద గీతలు వేసి, బయటికి పోవడం

ఎవరూ అడుగుపెట్టని రకం నేల మీద మోడల్ చెప్పేది ఊహే. బ్యాక్‌గ్రౌండ్ గడుల్లో కనిపించిన వాలు, చెట్లు, పొదలు, పచ్చదనం కనిష్ఠ గరిష్ఠాలు దాటిన గడులన్నిటినీ మ్యాప్ మీద అడ్డగీతలతో కప్పేయండి. గోదావరి దాటి బీజాపూర్, గడ్చిరోలి వైపు అడవులకు మ్యాప్ సాగదీసినప్పుడు ఈ అడ్డగీతలు ఎక్కువగా పడతాయి.

చివరి పరీక్ష నేల మీదే. ఎక్కువ మార్కు గడులకే పోతే మోడల్ తప్పు ఎప్పటికీ బయటపడదు. ఎక్కువ, మధ్య, తక్కువ మార్కుల గడులను సమాన సంఖ్యలో, రోడ్డుకు దగ్గరివి కొన్ని, దూరంవి కొన్ని ఎంచుకోండి. అభయారణ్యం లోపలైతే అటవీ శాఖ అనుమతి ముందే తీసుకోవాలి. ఒక గడిలో ఒక ఉదయం వెతికితే, పక్షి ఉన్నప్పుడు కనిపించే అవకాశం 0.3 అనుకుందాం. మూడుసార్లు పోయినా కనిపించకుండా ఉండే అవకాశం 0.7 × 0.7 × 0.7, అంటే 0.34. ఆరుసార్లు పోతే 0.12. కాబట్టి ఒక్క ఉదయం చూసి ‘లేదు’ అని రాయకండి. ప్రతి నడకకూ గడి సంఖ్య, మొదలైన వేళ, ముగిసిన వేళ, నడిచిన దూరం, పక్షి కనిపించిందా, గొంతు వినిపించిందా, ఏదీ లేదా అన్నది రాసుకోండి. ఏదీ లేని ఆ వరుసలే ఇంతవరకు మన చేతిలో లేని సమాచారం. అవి పోగయ్యాక ప్రెజెన్స్ ఒక్కటే ఉన్న మోడల్ వదిలేసి, ఉనికినీ కనిపించే అవకాశాన్నీ విడివిడిగా లెక్కగట్టే ఆక్యుపెన్సీ మోడల్‌కు మారవచ్చు.